మాస్కింగ్ కాల్‌ని దాస్తుంది, లేబుల్‌ని కాదు

“నంబర్ మాస్కింగ్ ఉంది కాబట్టి డెలివరీ వాళ్లకు మన నంబర్ తెలియదు” అన్న మాట సగమే నిజం. డెలివరీ అబ్బాయి యాప్‌లో కాల్ బటన్ నొక్కితే ఆ కాల్ ముందు కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. సర్వర్ మనకు వేరే కాల్ చేసి రెండింటినీ కలుపుతుంది. అందుకే ఇద్దరికీ మధ్యలోని ఒక తాత్కాలిక నంబరే కనిపిస్తుంది. ఆర్డర్ ముగిశాక ఆ జత తెగిపోతుంది, మళ్లీ ఆ నంబర్‌కి చేస్తే అవతలి మనిషికి కలవదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ గత నెల మా ఇంటికొచ్చిన చీరల పార్సిల్ మీద నా పేరు, ఫ్లాట్ నంబర్, అసలు మొబైల్ నంబర్ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఆ అమ్మకందారు సొంతంగా కొరియర్ బుక్ చేశాడు, అక్కడ మాస్కింగ్ లేదు. నాలుగు రోజులకే “మీ చీర ఆర్డర్‌కి గిఫ్ట్ వచ్చింది, ఓటీపీ చెప్పండి” అని ఫోన్. ఏం కొన్నానో కూడా చెప్పేసరికి మా అమ్మ నిజమే అనుకుంది, నేను పక్కన ఉండి ఆపాను. ఇంకో చోట కూడా మాస్క్ పోతుంది. డెలివరీ అబ్బాయి “లొకేషన్ వాట్సాప్‌లో పెట్టండి మేడమ్” అంటే పెట్టేస్తాం, దాంతో మన నంబర్ అతని ఫోన్‌లో ఉండిపోతుంది. లొకేషన్ యాప్ చాట్‌లోనే పంపాలి. లేబుల్‌ని చింపి, నంబర్ ఉన్న ముక్కని నీళ్లలో నానబెట్టాకే చెత్తలో వేస్తున్నాను.