సమానమైతే ఏం చేసినా ఒకటేనా?

“ఇన్‌ఫిక్స్ లెక్కకి రెండు స్టాక్‌లు చాలు. స్టాక్ పైనున్న ఆపరేటర్ పెద్దదైతేనే తీసి లెక్కకట్టండి, సమానమైతే ఏం చేసినా ఒకటే. బ్రాకెట్‌కి అన్నిటికంటే ఎక్కువ ప్రిసిడెన్స్ ఇస్తే అదే సర్దుకుంటుంది. 3+4*2 కి 11 వస్తే మీ కోడ్ కరెక్ట్.”

బెంగళూరులో ఇంటర్వ్యూలకు తిరిగే మనవాళ్ల గ్రూపుల్లో, ముఖ్యంగా మారతహళ్లి పీజీల్లో, ఈ ఫార్వర్డ్ అందరి ఫోన్లలోనూ ఉంది. రెండు స్టాక్‌లు చాలన్న మాట వరకు నిజమే. ఒకదాంట్లో సంఖ్యలు, ఇంకోదాంట్లో ఆపరేటర్లు. మిగతావే ఇబ్బంది.

ముందు ఆ “సమానమైతే” సంగతి. 10-4-3 తీసుకోండి. రెండో మైనస్ వచ్చేసరికి స్టాక్ పైన మొదటి మైనస్ ఉంది. ఇప్పుడే దాన్ని తీసి 10-4 కట్టేస్తే 6, తర్వాత 3. తీయకుండా రెండో మైనస్‌ను దానిమీద పెట్టేస్తే చివర్లో పైనుంచి విప్పుకుంటూ రావాలి. ముందు 4-3, అంటే 1. ఆపైన 10-1, అంటే 9. కూడికలు, గుణకారాలు మాత్రమే ఇచ్చి చూసుకునేవాళ్లకి ఈ తేడా కనబడదు, అందుకే ఆ ఫార్వర్డ్ ఇన్నాళ్లు బతికింది. అలాగని సమానమైన ప్రతిసారీ తీసేయడమూ కుదరదు. ^ ని ఘాతంగా తీసుకుంటే అది కుడినుంచి లెక్క. 2^3^2 కి 512 రావాలి, తీసేస్తే 64 వస్తుంది. కాబట్టి + - * / లకు >=, ^ కి >:

```
while ops and ops[-1] != '(' and (
        prec[ops[-1]] > prec[c] or
        (prec[ops[-1]] == prec[c] and c != '^')):
    apply()
ops.append(c)
```

`apply` లో మొదట బయటికొచ్చే సంఖ్య కుడివైపుది. తారుమారైతే 10-4 కి -6 వస్తుంది.

ఇక బ్రాకెట్. 2*(3+4) లో ( స్టాక్ మీదికి వెళ్లాక + వస్తుంది. ఫార్వర్డ్ చెప్పినట్టు ( అన్నిటికంటే పెద్దదైతే, + దాన్ని తీసి లెక్కకట్టబోతుంది. 2కీ 3కీ మధ్య ( అనే ఆపరేషన్ ఏముంటుంది? ప్రోగ్రామ్ అక్కడే పడిపోతుంది. లోపలికి వచ్చేటప్పుడు ( ని దేనితోనూ పోల్చకుండా పెట్టేయాలి, లోపల ఉన్నంతసేపు అది గోడలా నిలబడాలి. పై కోడ్‌లో `ops[-1] != '('` చేసే పని అదే. ) వచ్చినప్పుడు ( కనబడేదాకా లెక్కకట్టి, ఆ ( ని పారేయాలి. స్టాక్ ఖాళీ అయినా ( దొరకకపోతే బ్రాకెట్లు తప్పు. చివర్లో ( మిగిలినా అంతే.

3+4*2 పరీక్షలో సమాన ప్రిసిడెన్స్ లేదు, తీసివేత లేదు, బ్రాకెట్ లేదు. తప్పు కోడ్‌కి కూడా 11 వస్తుంది. 20-6-(2+3)*2 ఇవ్వండి. సరైన కోడ్‌లో రెండో మైనస్ దగ్గర 14 తయారవుతుంది, బ్రాకెట్ మూసుకోగానే 5, ఆఖర్లో 5*2 ముందు జరిగి 14-10, అంటే 4. బ్రాకెట్‌ని సరిగ్గా రాసి, సమానమైనప్పుడు వదిలేసిన కోడ్ 6-10 ముందు కట్టి 24 చూపిస్తుంది.