మూడు అట్టముక్కలు, ఆరు ముఖాలు

ఒక అట్టముక్కకు రెండు వైపులా ఎరుపు, ఒకదానికి ఒకవైపే ఎరుపు, ఒకదానికి రెండు వైపులా తెలుపు. వీటిలో ఒకదాన్ని చూడకుండా తీసి పెడితే పైన ఎరుపు కనబడింది; అడుగునా ఎరుపే ఉండే అవకాశం ఎంత? ఈ ప్రశ్నకు వచ్చే సందేహం ఇది:

"పైన ఎరుపు కనబడితే తెల్లముక్క కాదని తేలింది, మిగిలినవి రెండే, మరి అడుగున ఎరుపుండే అవకాశం సగమే కదా?"

చిన్నప్పుడు మా తమ్ముడూ ఇదే పట్టు పట్టాడు. పాత శుభలేఖను మూడు ముక్కలు చేసి, ఒకదానికి రెండు వైపులా, మరొకదానికి ఒకవైపే ఎర్రసిరా పూసి, చేతిసంచిలోంచి చూడకుండా తీసి నేలపై పెడుతూ, ఎరుపు పైకి వచ్చినప్పుడు మాత్రమే లెక్క రాశాము. 60 సార్లలో 41 సార్లు అడుగున ఎరుపే ఉంది. వాడు ముక్కలను లెక్కించాడు గాని, కంటికి కనబడేది ముఖం. ఎర్రముఖాలు మూడు, వాటిలో రెండు ఒకే ముక్కవి కనుక అవకాశం మూడింట రెండు వంతులు. అయితే తీసినవారు ముందే చూసుకుని, ఎరుపున్న వైపునే ఎప్పుడూ పైకి పెడితే మాత్రం తమ్ముడి సగమే సరైనది.