ఫారం ఒప్పుకుంది, అదే చిక్కు

సింగపూర్‌లో ఉంటున్న ఒక వ్యక్తి అమెరికాలోని ఒక సంస్థకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడుతున్నాడనుకుందాం. ఫోను నంబరు గడిలో సరిగ్గా పది అంకెలే పడతాయి. దేశం కోడ్‌కు విడిగా గడి లేదు. అతని మొబైల్ నంబరు ఎనిమిది అంకెలు, 9తో మొదలవుతుంది. ఎనిమిదే వేస్తే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపింది. ముందు దేశం కోడ్ 65 చేర్చి చూశాడు. లెక్క పదికి సరిపోయింది, ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. హమ్మయ్య అనుకుని తర్వాతి పేజీకి వెళ్లిపోయాడు.

చివర వచ్చే సరిచూపు పేజీలో అతని నంబరు (659) అని బ్రాకెట్లతో మొదలై, మధ్యలో గీతతో కనిపిస్తుంది. చాలామంది దాన్ని అలంకారమే అనుకుంటారు. నిజానికి అసలు సంగతి ఆ బ్రాకెట్లే చెబుతున్నాయి. ఉత్తర అమెరికా నంబర్ల పద్ధతిలో మొదటి మూడంకెలు ప్రాంతం కోడ్. 659 అలబామా రాష్ట్రానికి కేటాయించిన కోడ్. అంటే ఫారం అతని నంబరును సింగపూర్ నంబరుగా అర్థం చేసుకోలేదు, అలబామాలో ఎవరిదో అనుకుంది. 8తో మొదలయ్యే సింగపూర్ నంబరయితే 658 అవుతుంది, అది జమైకాది. ఈ పద్ధతిలో నాలుగో అంకె 0 గాని 1 గాని కాకూడదన్న నియమం ఒకటుంది. ఆ అంకె 2 నుంచి 9 లోపు ఉంటే, కాస్త గట్టిగా తనిఖీ చేసే ఫారం కూడా దాన్ని సలక్షణమైన స్థానిక నంబరుగానే తీసుకుంటుంది.

విదేశాల నుంచి ఇలాంటి ఫారాలు నింపేవాళ్లు ఎప్పుడూ తిరస్కరించే ఫారాన్నే తిట్టుకుంటారు. నా లెక్కలో అది మంచి ఫారం. తనకు చేతకాదని ముందే చెప్పేస్తుంది, మనం వేరే దారి వెతుక్కుంటాం. మౌనంగా ఒప్పుకునే ఫారమే అసలు ప్రమాదం. దాని తప్పు మూడు వారాల తర్వాత, రావాల్సిన కబురు రానప్పుడు బయటపడుతుంది. ఓటీపీ రాకపోతే మనం సిగ్నల్‌ను అనుమానిస్తాం, మళ్లీ పంపమని నొక్కుతాం, ఇంకోసారి నొక్కుతాం. ఈలోగా ఖాతా తాళం పడుతుంది. ఆ నంబరు నిజంగా వాడుకలో ఉంటే, అలబామాలో ఎవరో తమకు సంబంధం లేని ఓటీపీలను చూసి చిరాకు పడుతుంటారు.

ఇది ఎలా జరుగుతుందో చూస్తే కోపం కొంత తగ్గుతుంది. ప్రపంచంలోని ఏ ఫోను నంబరైనా దేశం కోడ్‌తో కలిపి గరిష్ఠంగా 15 అంకెలు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన ఇ.164 అనే ప్రమాణం చెప్పేది ఇదే. ముందు ఉండే కూడిక గుర్తు ‘ఇక్కడి నుంచి దేశం కోడ్ మొదలు’ అని చెప్పే సంకేతం. దాన్ని తీసేస్తే, తర్వాతి అంకెలు దేశం కోడో ప్రాంతం కోడో చెప్పడానికి ఏ ఆధారమూ మిగలదు. స్థానికుల కోసం రాసిన ఫారాల్లో తరచు చేసేది సరిగ్గా ఆ పనే:

```
phone.replace(/\D/g, "").slice(-10)
```

ఈ ఒక్క వరుస అంకెలు కాని వాటినన్నిటినీ తుడిచేసి, కుడివైపు నుంచి పది అంకెలు మాత్రమే ఉంచుకుంటుంది. +65తో నంబరు ఇచ్చినా గుర్తు పోయి 65 ప్రాంతం కోడ్‌లో కలిసిపోతుంది. +91తో భారత నంబరు ఇస్తే 91 పూర్తిగా ఊడిపోయి పది అంకెల మొబైల్ నంబరు మిగులుతుంది. అది 984తో మొదలైతే ఉత్తర కరోలినా ప్రాంతం కోడ్‌తో సరిపోతుంది. బ్రిటన్ మొబైల్ నంబర్లు 0తో కలిపి పదకొండు అంకెలు. 0773తో మొదలయ్యే నంబరులో ముందున్న సున్నా తీసేస్తే మిగిలిన పది అంకెలు 773తో మొదలవుతాయి, అది షికాగో. కుట్ర ఏమీ లేదు. పది అంకెలంటే తమ నంబరేనని నమ్మేవాళ్లు ఫారం రాశారు, అంతే.

ఈ సున్నా గురించి ఒక మాట. దేశం లోపల ఫోను చేసేటప్పుడు ముందు కొట్టే సున్నాను అంతర్జాతీయ రూపంలో తీసేయాలని అందరూ చెబుతారు. చాలా దేశాలకు అది సరైన మాటే. ఇటలీ ల్యాండ్‌లైన్లకు మాత్రం ఆ సున్నా నంబరులో భాగం. +39 తర్వాత కూడా అలాగే ఉండాలి, తీసేస్తే ఫోను వెళ్లదు.

చిరునామాలోనూ ఇదే కథ నడుస్తుంది, కాకపోతే ఇక్కడ కత్తిరించేది మనమే. సింగపూర్ పిన్ కోడ్ ఆరంకెలు, దాదాపు ప్రతి భవనానికీ విడిగా ఒక కోడ్ ఉంటుంది. అమెరికా జిప్ కోడ్ అయిదంకెలు. గడిలో అయిదే పడతాయి కాబట్టి చివరి అంకె వదిలేస్తారు. ఆ చివరి అంకెతోపాటే భవనం పోతుంది. అంతకంటే ముఖ్యంగా, మిగిలిన అయిదంకెలకు వేరే అర్థం వచ్చేస్తుంది. ఆర్చర్డ్ రోడ్డు పరిసరాల కోడ్‌లు కొన్ని 23తో మొదలవుతాయి. 23తో మొదలయ్యే జిప్ కోడ్‌లు వర్జీనియా రాష్ట్రానివి. కవరు మీద దేశం పేరు అచ్చు కాకపోతే దారి చూపేది ఆ అయిదంకెలే. మన దరఖాస్తుదారుడి ఫోను అలబామాలో మోగుతుంది, ఉత్తరం వర్జీనియాలో తిరుగుతుంది.

రాష్ట్రం గడి ఇంకో తలనొప్పి. సింగపూర్‌కు రాష్ట్రాలే లేవు, ఫారం మాత్రం ఏదో ఒకటి ఎంచుకోనిదే కదలనివ్వదు. ఆ జాబితాలో AE అనే రెండక్షరాలు ఉంటాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు అంతర్జాతీయ దేశ సంకేతం కూడా AE కావడంతో, దుబాయ్ నుంచి నింపేవాళ్లకు అది తమ కోసమే పెట్టినట్టు కనిపిస్తుంది. అమెరికా తపాలా జాబితాలో AE అంటే యూరప్, పశ్చిమాసియా వైపు ఉన్న అమెరికా సైనికుల టపా. దాన్ని ఎంచుకుంటే మీ చిరునామా సైనిక తపాలా వరుసలో చేరిపోతుంది.

మరి ఏదో ఒకటి నింపక తప్పనప్పుడు ఏం వేయాలి? చాలామంది చెయ్యి 12345 వైపు పోతుంది. అది ఉత్తుత్తి కోడ్ కాదు, న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీది. అయిదు సున్నాలు అంతకంటే నిజాయితీ గలవి, అవి ఏ ఊరినీ చూపవు. తర్వాత ఆ దరఖాస్తు చూసే గుమస్తాకు కూడా ఇది స్థానిక చిరునామా కాదని ఇట్టే తెలుస్తుంది. నకిలీ విలువ తప్పదంటే, నకిలీ అని చూడగానే తెలిసేదే వేయాలి.

ఒక చోట మాత్రం ఇలాంటి అడ్డదారి అధికారిక దారిగా మారింది. అమెరికా పెట్రోలు పంపుల్లో కార్డు పెడితే యంత్రం జిప్ కోడ్ అడుగుతుంది. కెనడా తపాలా కోడ్‌లో అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. అందుకని అక్కడివాళ్లు తమ కోడ్‌లోని మూడు అంకెలు కొట్టి, చివర రెండు సున్నాలు చేర్చాలి. ఒట్టావాలోని పార్లమెంటు కోడ్ K1A 0A6 అయితే పంపులో 10600 అవుతుంది. ఇది పనిచేయడానికి కారణం, అవతల సరిచూసే కార్డు సంస్థకు ఈ పద్ధతి ముందే తెలిసి ఉండటం. ఇదే ఉపాయాన్ని వీసా దరఖాస్తులోనో కళాశాల ఫారంలోనో వాడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

ఆ గడిలో వేసిన విలువను తర్వాత ఎవరు చూస్తారన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న. కార్డు చెల్లింపు పక్కన ఉన్న చిరునామాను బ్యాంకు తన దగ్గరున్న దానితో పోల్చుతుంది, అక్కడ బ్యాంకులో ఉన్నట్టే ఉండాలి. ఉత్తరాల కోసం అడిగిన చిరునామాను మొదట కవరు అచ్చువేసే యంత్రం, ఆ తర్వాత తపాలా వాళ్లు చదువుతారు. అక్కడ స్నేహితుడి పేరుతో కేరాఫ్ అని రాసి అతని ఇంటి చిరునామా ఇచ్చినా తప్పులేదు. నివాసం ఎక్కడని అడిగిన గడి పూర్తిగా వేరు. దాన్నిబట్టి అర్హతో, పన్నో, ఫీజో నిర్ణయిస్తారు. అక్కడ అరువు చిరునామా వేసి కింద సంతకం పెడితే అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినట్టే. ఫారం చెత్తగా ఉందన్నది అప్పుడు సాకుగా పనికిరాదు.

సింగపూర్ దరఖాస్తుదారుడి దగ్గరికి మళ్లీ వస్తే, అతను చేయగలిగింది కొంత ఉంది. ముందు దేశం గడి ఎక్కడుందో వెతకాలి. కొన్ని ఫారాల్లో అది అట్టడుగున ఉంటుంది, దాన్ని మార్చగానే పైనున్న రాష్ట్రం, జిప్ గడులు రూపం మార్చుకుంటాయి. కింద నుంచి పైకి నింపడం వింతగా అనిపించినా చాలాసార్లు పనిచేస్తుంది. అలా మారకపోతే, చిరునామా రెండో వరుసలో అక్షరాల మీద ఆంక్షలు తక్కువగా ఉంటాయి కాబట్టి, అక్కడ పూర్తి పిన్ కోడ్‌నూ పెద్ద అక్షరాల్లో దేశం పేరునూ రాయాలి. దేశం పేరు చివరి వరుసలో పెద్ద అక్షరాల్లో ఉండాలన్నది తపాలా శాఖల అంతర్జాతీయ పద్ధతే. పంపే ముందు సరిచూపు పేజీని దాచుకుని, నంబరు చుట్టూ బ్రాకెట్లు వచ్చాయేమో చూడాలి. వస్తే దేశం కోడ్‌ను ఫారం మింగేసిందన్నమాట. ఓటీపీ ఈమెయిలుకు పంపే వీలుంటే దాన్నే ఎంచుకుని, కూడిక గుర్తుతో కూడిన పూర్తి నంబరును దరఖాస్తు సంఖ్యతో పాటు ఆ సంస్థకు ఈమెయిలులో విడిగా తెలపాలి. ఆ ఈమెయిలును దాచుకుంటే, తర్వాత ‘మీకు ఫోను చేశాం, ఎత్తలేదు’ అన్న వాదనకు అదే సమాధానం.

ఇంత శ్రమ దరఖాస్తుదారుడి నెత్తిన ఎందుకు పడాలన్నది న్యాయమైన ప్రశ్నే. పరిష్కారం తెలియక కాదు. అమెరికా ఆదాయపు పన్ను ఫారం 1040లో చిరునామా కిందే విదేశీ దేశం, విదేశీ రాష్ట్రం, విదేశీ తపాలా కోడ్ అని మూడు విడి గడులున్నాయి. అదే దేశపు వీసా ఫారం డీఎస్-160లో రాష్ట్రం, తపాలా కోడ్ గడుల పక్కన Does Not Apply అని చిన్న పెట్టె ఉంటుంది. సింగపూర్‌వాళ్లు రాష్ట్రం దగ్గర దానికి టిక్కు పెట్టి ముందుకు సాగొచ్చు. లేని రాష్ట్రాన్ని లేదని చెప్పనివ్వడం, అంత చిన్న మర్యాద. పది అంకెల గడిని పదిహేనుకు పెంచి, కూడిక గుర్తును తుడవకుండా ఉంచడం దానికంటే పెద్ద పనేమీ కాదు.

కొన్నిచోట్ల మాత్రం ఫారంతో కుస్తీ పట్టడమే దండగ. అమెరికాలో వ్యాపారానికి ఇచ్చే ఈఐఎన్ సంఖ్యకు ఆన్‌లైన్ దరఖాస్తు ప్రధాన వ్యాపార స్థలం ఆ దేశంలోనో దాని భూభాగాల్లోనో ఉన్నవాళ్లకే. బయటివాళ్లు ఫోను, ఫ్యాక్స్, టపాల్లో ఒకదాని ద్వారా అడగాలి. అరువు తెచ్చిన అమెరికా చిరునామాతో ఆ ఆన్‌లైన్ ఫారాన్ని లొంగదీసుకోవాలని గంటలు గడిపేవాళ్లు ముందు సూచనల పేజీ తెరిచి, ఆ దారి అసలు తమకు ఉందో లేదో చూసుకుంటే ఆ ఫోను ఏదో అప్పుడే చేసేయవచ్చు.