బరి పక్కన తీసిన ఫొటో

మూడేళ్ల క్రితం కనుమ నాడు, ఒకప్పుడు కలిసి పనిచేసిన మేము ఆరుగురం అమలాపురంలో కలుసుకుని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయలుదేరాం. దారిలో ఒక కొబ్బరితోట దగ్గర ఆగి ఫొటో తీసుకున్నాం. మా వెనక కోడిపందేల బరి ఉందన్న సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు. ఆ రాత్రి నేను దాన్ని పేర్లు ట్యాగ్ చేసి, అందరికీ కనిపించేలా ఫేస్‌బుక్‌లో పెట్టాను.

మాలో ఒకాయన ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయన ఒక్క రూపాయి కూడా పందెం కాయలేదు. అయినా చట్టం నిషేధించిన పందేల దగ్గర ప్రభుత్వోద్యోగి నవ్వుతూ నిలబడినట్టు ఫొటోలో కనిపిస్తుంది. మర్నాడు ఉదయమే ఫోను చేసి, "ఆ ఫొటో తీసెయ్యరా బాబూ, మా హెడ్మాస్టారి దాకా వెళ్లిపోయింది" అన్నాడు. వెంటనే తీసేశాను, కానీ అప్పటికే అది స్క్రీన్‌షాట్‌గా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. తన ట్యాగ్‌ను ఆయన ముందే తొలగించుకున్నాడట. దానివల్ల పేరుతో ఉన్న లంకె తెగుతుందే గాని ముఖం ఎక్కడికీ పోదు. చివరకు ఆయన రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది.

కెమెరా ముందు నవ్వాడు కనుక ఒప్పుకున్నట్టే అని చాలామంది అనుకుంటారు, అప్పట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఆయన ఒప్పుకున్నది ఆరుగురి మధ్య జ్ఞాపకంగా ఉండే ఫొటోకు. మా పై అధికారులు, బంధువులు, ముక్కూ మొహం తెలియని వారు చూసే ఫొటోకు కాదు. అందుకే, వచ్చినవారి గ్రూపులోనే ఫొటోలు పంచుకోవడానికి ప్రతిసారీ అనుమతి అడగనక్కరలేదని, ఆ గడప దాటించే ముందు మాత్రం తప్పక అడగాలని నా అభిప్రాయం. తీర్థంలో ప్రభల వెంట సాగే జనసందోహం ఫొటోకు ఈ పట్టింపు అక్కరలేదు. స్నేహితుల కంటే సహోద్యోగుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఎవరు ఏ కారణం చెప్పి సెలవు పెట్టారో మనకు తెలియదు.

స్వీడన్‌లో ఒక చర్చిలో పనిచేసే మహిళ తన వెబ్ పేజీలో తోటివారి గురించి సరదాగా రాస్తూ, ఒకామె కాలికి దెబ్బ తగిలి వైద్యకారణాలతో సగం సెలవులో ఉందని ప్రస్తావించింది. కొందరికి అది నచ్చలేదని తెలియగానే పేజీని తీసేసినా వ్యవహారం కోర్టుకెక్కింది. అపరిమిత సంఖ్యలో జనం చూడగలిగేలా పెట్టినది సొంత ఇంటి వ్యవహారం కాదని ఐరోపా న్యాయస్థానం 2003లో తీర్పు చెప్పింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వ్యక్తిగత, గృహ అవసరాలకు మినహాయింపునిచ్చింది గాని, చట్టం పట్టించుకోకపోయినా మిత్రుడికి జరిగే నష్టం జరగకుండా ఆగదు.

గ్రూపులో "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడగడం నేను మానేశాను, పదిమంది ముందు వద్దనడానికి మొహమాటపడేవారే ఎక్కువ. ఇప్పుడు పెట్టదలచిన ఫొటోనే ఒక్కొక్కరికి విడిగా పంపి, అది ఎక్కడ, ఎవరికి కనిపిస్తుందో చెప్పి అడుగుతున్నాను. జవాబు రాకపోతే వారి ముఖం లేకుండా కత్తిరిస్తాను, లేదా ఆ ఫొటోను పక్కన పెడతాను. మన పత్రిక సంక్రాంతి సంచికకు ఫొటోలు పంపేవారు కూడా అందులో ఉన్నవారి అంగీకారం తీసుకున్నాకే పంపాలని కోరుతున్నాను.