అబార్షన్ తర్వాత నెలసరి ఆగితే తప్పు హార్మోన్లదేనా?

“అబార్షన్ అయ్యి క్లీనింగ్ చేయించుకున్నాక నెలసరి తగ్గిందంటే హార్మోన్లు తేడా చేసినట్టే. చెడు రక్తం లోపలే పేరుకుపోతుంది. మూడు నెలలు మాత్రలు వాడి, నువ్వులూ బెల్లం తింటే అదే దిగుతుంది.” (బెంగళూరు తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం)

మొదట హార్మోన్ల సంగతి. గర్భసంచి లోపలి పొరలో రెండు వరుసలుంటాయి. పైది నెలనెలా ఊడిపోతుంది, అడుగుది నిలిచి ఉండి మళ్ళీ కొత్త పొరను పెంచుతుంది. గర్భస్రావం లేదా కాన్పు తర్వాత గర్భసంచి మెత్తగా ఉన్నప్పుడు లోతుగా గీకితే ఆ అడుగు పొరే పోయి, పచ్చిగా మిగిలిన ఎదురెదురు గోడలు ఒకదానికొకటి అతుక్కుని మచ్చకడతాయి. అండాశయం తన పని తాను చేస్తూనే ఉంటుంది, కానీ దాని హార్మోన్లకు స్పందించి పెరగవలసిన పొరే ఉండదు.

మారతహళ్ళిలో ఉండే మా బంధువుల అమ్మాయికి జరిగింది ఇదే. మూడో నెలలో గర్భం పోయింది. ముక్కలు మిగిలాయని కొన్ని వారాలకే రెండోసారి డి అండ్ సి, అంటే లోపల గీకి తీసే ఆ క్లీనింగే, చేశారు. అంతకుముందు ఐదు రోజులు అయ్యే నెలసరి ఆ తర్వాత ఒక్క రోజు గోధుమరంగు మరకగా మిగిలింది. గర్భం లేదని తేలింది, థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈ పరీక్షలు ముందుగా చేయవలసినవే, ఎందుకంటే హార్మోన్ల వల్ల నెలసరి తగ్గేవాళ్ళూ ఉన్నారు. ప్రొజెస్టెరాన్ మాత్రలు ఆపాక రక్తస్రావం కాలేదు, ఈస్ట్రోజెన్ ఇచ్చి ఆపైన ప్రొజెస్టెరాన్ ఇచ్చినా కాలేదు. అసలు ఆధారం ఇక్కడే ఉంది: రెండు హార్మోన్లూ బయటి నుంచి అందినా రక్తం రాలేదంటే లోపం పొరలోనో, దారిలోనో ఉన్నట్టు. హిస్టెరోస్కోపీలో, అంటే సన్నని కెమెరాతో లోపల చూసినప్పుడు, తెల్లటి పట్టీలు కనిపించాయి. వాటిని చిన్న కత్తెరతో విడదీసి, గోడలు మళ్ళీ అంటుకోకుండా కొన్నాళ్ళు లోపల బెలూన్ ఉంచి, ఈస్ట్రోజెన్ ఇచ్చారు. ఇప్పుడు మూడు రోజులు అవుతోంది. మునుపటంత కాదు, మచ్చ ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఇంతమాత్రం కూడా రాకపోవచ్చు.

ఇక చెడు రక్తం. పొర పెరగనప్పుడు ఊడి రావడానికే ఏమీ ఉండదు గనుక చాలామందిలో లోపల పేరుకునేదీ లేదు. మచ్చ గర్భసంచి ముఖద్వారాన్ని మూసేసి, పైన పొర మిగిలి ఉంటే మాత్రం రక్తం నిజంగానే నిలుస్తుంది. నెలనెలా అదే సమయానికి పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది, స్కానింగ్‌లో నిలిచిన రక్తం కనిపిస్తుంది. ఆ దారిని డాక్టరే తెరవాలి. నువ్వులూ బెల్లమూ మచ్చను విడదీయలేవు.

క్లీనింగ్ ఎన్నడూ చేయించుకోనివారికీ గర్భసంచిలో ఈ మచ్చ రావచ్చన్నది ఆ సందేశంలో లేనే లేదు. మన దేశంలో గర్భసంచి క్షయ దీనికి ముఖ్యమైన కారణం. దగ్గు లేకపోయినా, ఛాతీ ఎక్స్‌రే బాగున్నా అది ఉండవచ్చు. అందుకే పొర నుంచి చిన్న ముక్క తీసి టి.బి. పరీక్షకు పంపుతారు. ఆరు నెలల మందులు క్రిమిని చంపుతాయి గాని, అప్పటికే నాశనమైన అడుగు పొరను తరచూ తిరిగి తేలేవు. ఇలాంటి స్థితిలో మాత్రలతో మూడు నెలలు వేచి చూడమనడం నష్టం చేసే సలహా.