స్పాన్సర్‌షిప్ లేఖకు, బరంపురం అప్పడాల కొట్టు నుంచి

ఓ స్పాన్సర్‌షిప్ లేఖా,

మా ఊళ్లో ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి, నువ్వు మాత్రం కాలేజీ ఫెస్ట్ పేరుతో ఏటేటా వస్తావు. ఈసారి నీ నెత్తిన "గౌరవనీయులైన స్వీట్స్ యజమాని గారికి" అని ఉంది. మాది అప్పడాలూ ఆవకాయా. పక్క కొట్టుకి రాసినదాంట్లో పేరు మార్చడం మరిచినట్టున్నారు.

నీ మాట నమ్మి నిరుడు పదివేలు పెట్టి సిల్వర్ స్పాన్సర్‌నయ్యాను. "మూడు వేల మంది కళ్లలో మీ లోగో" అన్నావు. హాల్లో కుర్చీలు నాలుగు వందలు. నాకు వేరే పని లేక లెక్కపెట్టాను. ఫ్లెక్స్ పన్నెండడుగుల వెడల్పు, అందులో ఫెస్ట్ పేరే ఎనిమిదడుగులు. కింది వరసలో పదకొండు లోగోలు కుక్కారు. మాది పోస్టుకార్డంత, దాని ముందు స్పీకరు బాక్సు. లోగో వాట్సాప్‌లో పంపమన్నారు, పంపాను. ఆ చిన్న బొమ్మని సాగదీసేసరికి అప్పడం కాస్తా బూడిదరంగు మరకైపోయింది. ప్రింటుకి వెక్టార్ ఫైలు కావాలని ఒక్క ముక్క నీలో ఉంటే మా డిజైనర్ దగ్గర తెచ్చి ఇచ్చేవాణ్ణి కదా.

మైకులో మా పేరు ఆరుసార్లు చెబుతామన్నావు. ఒక్కసారి చెప్పారు, అదీ పాట మొదలవుతుంటే.

ఇన్నింటిలో లెక్కకి చిక్కింది నువ్వు రాయనిదే. మా అమ్మాయి రెండు వందల చిన్న పొట్లాలు కట్టి, ఒక్కోదాంట్లో "ఇది తెస్తే పది రూపాయలు తగ్గింపు" అని తెలుగులో, ఒడియాలో చీటీ పెట్టింది. గేటు దగ్గర పంచాం. నెలలో ముప్పై ఒక్క చీటీలు కొట్టుకి తిరిగొచ్చాయి. పదివేలు, పొట్లాల ఖర్చు తీసేస్తే లాభమేం లేదు గానీ, ఎవరొచ్చారో తెలిసింది.

ఈసారి నీ ధర పదిహేను వేలు, అదీ నగదు. వ్యాపారి ఒకే రోజు ఒకరికే పదివేలు దాటి నగదిస్తే, పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా చూపించనివ్వరని మా అకౌంటెంట్ మొత్తుకుంటాడు. ఆ మాటే చెబితే, నిన్ను మోసుకొచ్చిన కుర్రాడు "అయితే రెండ్రోజులుగా ఇవ్వండి బాబాయ్" అన్నాడు. తెలివైనవాడే! పోనీ ఆన్‌లైన్‌లో పంపుతానంటే, వాళ్ల కోశాధికారి సొంత నంబరు ఇచ్చాడు. నిరుడు రసీదడిగితే ఫోటోలో నవ్వుతున్న జ్ఞాపిక ఒకటి వచ్చింది. దాన్ని అకౌంటెంట్‌కి చూపిస్తే వాడూ నవ్వాడు.

నిన్ను తెచ్చిన కాలేజీ పిల్లలు ఇక్కడే టీ తాగుతున్నారు. నిన్ను వెనక్కి తిప్పి రాస్తున్నాను: నిరుడు ఎన్ని టికెట్లు చిరిగాయి? లోగో ఎన్ని అంగుళాలు, ఏ వరసలో, దాని ముందు ఏం పెడతారు? గేటు దగ్గర నా బల్లకి చోటుందా? కాలేజీ ఖాతా నంబరు, ముద్ర వేసిన రసీదు ఇస్తారా? నాలుగూ నింపి తెస్తే ఎనిమిది వేలు.

పైన "స్వీట్స్" కొట్టేసి "అప్పడాలు" అని కూడా రాసిచ్చాను.