అంకెను అక్షరాల్లో రాసివ్వండి

"స్క్రిప్టులో తప్పుల్లేవు, అయినా దాన్ని చదివే మిషన్ గొంతు తెలుగు రానివాడు చదివినట్టు ఎందుకుంటోంది?"

ఎక్కువగా దెబ్బతీసేది అంకెలేనండీ. రైతుల వీడియో కోసం నేనిచ్చిన వాక్యం ఇది: "1998లో 3 రైతులు 2.5 ఎకరాల్లో డ్రిప్ వేశారు." మిషన్ గొంతు "వెయ్యి తొమ్మిది వందల తొంభై ఎనిమిది" అని ఆగి, "లో"ని విడిగా పలికింది. ఆపైన "మూడు రైతులు", "రెండు పాయింట్ ఐదు ఎకరాల్లో". మన నోట్లో సంవత్సరం "పంతొమ్మిది వందల"తో మొదలవుతుంది, మనుషులైతే "ముగ్గురు", పొలమైతే "రెండున్నర ఎకరాలు". పక్కనున్నది మనిషా వస్తువా అన్నది అంకెలో కనిపించదు కదా! అందుకే నేనిప్పుడు "పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో ముగ్గురు రైతులు రెండున్నర ఎకరాల్లో" అని అక్షరాల్లోనే రాసిస్తాను.

ఇంగ్లిష్ మాటలూ అంతే. SMS అని వదిలేయకుండా "ఎస్సెమ్మెస్" అని రాస్తే పలుకు కుదురుతుంది.

విరామానికి కామా చాలు, చోటు మాత్రం చూసుకోవాలి. "వాన ఆలస్యమైతే, నారు ముదురుతుంది" బాగుంటుంది. "నీళ్లు ఆదా చేసిన, రైతులు" అంటే మాత్రం వాక్యం విరిగిపోతుంది. కళ్లు మూసుకుని ఒక్కసారి వినండి, ఎక్కడ తేడా కొడుతోందో చెవే పట్టేస్తుంది.